సైట్ మీదే, డొమైన్ ఎవరిది?

ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే ఒక కుటుంబం వెబ్‌సైట్ పెట్టాలనుకుంటోందనుకుందాం. ధరల పట్టిక, నాలుగు ఫొటోలు, ఫోన్ నంబరు, వాట్సాప్ బటన్ ఉంటే చాలు. ఇంతమాత్రానికి డిజైనర్ అక్కర్లేదు. విక్స్ లాంటి సేవల్లో తయారుగా ఉన్న నమూనా తీసుకుని అక్షరాలు, బొమ్మలు మార్చుకునే పని ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలైనా చేసేస్తారు. కాకపోతే విక్స్‌లో కట్టిన సైటును ఎత్తి మరో కంపెనీ సర్వర్‌లో పెట్టుకోవడం కుదరదు, మళ్లీ మొదటి నుంచీ కట్టాల్సిందే. ఆ ఇబ్బంది వద్దనుకుంటే సొంత హోస్టింగ్‌లో వర్డ్‌ప్రెస్ మేలు. నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి.

సైట్‌లోనే డబ్బు కట్టించుకోవాలంటే మాత్రం లెక్క మారుతుంది. హైదరాబాద్‌కి ఒక కొరియర్ ఛార్జి, అమెరికాకి మరొకటి. ఖాతాలో డబ్బు కట్ అయి ఆర్డర్ నమోదు కాకపోతే ఎలా? ఇక్కడ ఫ్రీలాన్స్ డిజైనర్‌కి ఇచ్చే సొమ్ము దండగ కాదు.

అయితే పెద్ద చిక్కు వచ్చేది డొమైన్ దగ్గర. "అన్నీ నేను చూసుకుంటా సార్" అంటూ డిజైనర్ తన ఈమెయిల్‌తోనే దాన్ని కొనేస్తాడు. ఏడాది తిరిగాక రెన్యువల్ నోటీసు ఆయనకే వెళ్తుంది. ఈలోగా ఆయన ఉద్యోగంలో చేరి నంబరు మార్చేస్తే, అట్టపెట్టెల మీద అచ్చువేయించిన ఆ చిరునామా గడువు తీరి ఇంకెవరికో దక్కవచ్చు. డొమైన్ అమ్మే కంపెనీ తన రికార్డులో ఉన్న పేరే చూస్తుంది, డబ్బెవరిచ్చారన్నది దానికి పట్టదు. ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవడం తేలికే. ఆ కంపెనీ లాగిన్ పేజీలో "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కితే లింకు ఎవరి మెయిల్‌కి వస్తుందో చూడాలి. అందుకే పని అప్పగించినా డొమైన్, హోస్టింగ్ యజమాని తన పేరునే కొనుక్కోవాలి.

రెండో సంగతి కాపీరైట్. 1957 నాటి మన చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. ఫ్రీలాన్సర్ రాసిన కోడ్‌కి ఈ సూత్రం వర్తించదు. అది రాసినవారిదే. బదిలీ కావాలంటే సంతకంతో కాగితం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే హక్కు ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాకి పెట్టెలు పంపేవారు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించుకోవడం అందుకే.

అదే కాగితంలో ఎన్ని పేజీలు, తెలుగు రాత ఎవరిది, ఎన్నిసార్లు మార్పులు ఉచితం అన్నవి కూడా ఉండాలి. "నచ్చేదాకా మారుస్తా" అన్న హామీ ఇద్దరికీ చేటే. మూడో విడత సొమ్ము అట్టే పెట్టుకుని, లాగిన్లన్నీ చేతికొచ్చాక, నేతి పూతరేకుల ధర యజమానే స్వయంగా మార్చి చూసుకున్నాక ఇవ్వాలని రాసుకుంటే సరి.