‘కుదరదు’ అనే ముందు చూసుకోవాల్సిన లెక్క

రాత్రి పదిన్నర. ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్: “మేడం, హోటల్‌కి మెనూ కార్డు. చిన్న పనే, ఎల్లుండికి కావాలి.” విజయవాడలో ఇంటి నుంచే డిజైన్లు చేసుకునే ఒకామెకు వచ్చిందనుకుందాం. కాదంటే ఈ పార్టీ మళ్లీ రాదేమోనని ఆమె భయం. అందుకే అప్పటికప్పుడు “సరేనండీ” అనేస్తుంది.

ఇలాంటి ‘సరే’లు పేరుకుపోతే వచ్చేదే బర్నౌట్. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, పని వల్ల వచ్చే స్థితిగా లెక్కగట్టింది. దీనికి మూడు గుర్తులు చెప్పింది: సత్తువ ఉడిగిపోవడం, పనంటే విరక్తి, చేతకావడం లేదన్న భావన. ఇంట్లో ఇది చిన్నగానే కనిపిస్తుంది. క్లయింట్ పేరు తెర మీద చూడగానే చిరాకేస్తుంది. పది నిమిషాల దిద్దుబాటుకు గంట పడుతుంది.

కాదనడానికి ధైర్యం కంటే ముందు లెక్క కావాలి. మన డిజైనర్ పొద్దున పది నుంచి ఐదు దాకా, భోజనానికి గంట పోను, వారానికి ఐదు రోజులు కూర్చుంటుంది. అంటే 30 గంటలు. ఒక వారం పుస్తకంలో రాసి చూస్తే ఫోన్లకు, కొటేషన్లకు, బిల్లులకు, రావలసిన డబ్బు అడగడానికి 10 గంటలు పోయాయి. దిద్దుబాట్ల కోసం 4 పక్కన పెడితే అమ్ముకోగలిగేవి 16 గంటలే.

ఈ వారం లోగోకు 8, బ్రోషర్‌కు 5 ఒప్పుకుంది. మిగిలినవి 3. పోయినసారి మెనూ కార్డుకు 7 గంటలు పట్టిందని అదే పుస్తకం చెబుతోంది. ఇక జవాబు వెతుక్కోనక్కర్లేదు: “ఈ వారం ఖాళీ లేదండీ. సోమవారం మొదలుపెట్టి బుధవారం సాయంత్రానికి ఇస్తాను. ఎల్లుండే కావాలంటే ఒక్క పేజీ చేయగలను.” ఇందులో సాకులు లేవు. ఒంట్లో బాగోలేదనో, ఊరెళ్తున్నాననో అంటే అక్కడి నుంచే బేరం మొదలవుతుంది.

ఈ జవాబు పంపాల్సింది మర్నాడు పదింటికి. రాత్రే పంపితే కొట్టు తెరిచే ఉందని మనమే చెప్పినట్టు. వాట్సాప్ బిజినెస్‌లో పనివేళలు పెట్టుకుని, అవి దాటాక వెళ్లేలా అవే మెసేజ్ కూడా పెట్టుకుంటే, ఆ వేళలు దాటాక వచ్చే మెసేజ్‌లకు జవాబు దానంతటదే వెళ్తుంది.

అమెరికా క్లయింట్లు ఉన్నవాళ్ల సంగతి వేరు. వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు సాయంత్రం ఆరున్నర. అలాంటివాళ్లు మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి రాత్రి తొమ్మిదికి ముగించవచ్చు. పొద్దున ఇక్కడివాళ్లకు, రాత్రి అక్కడివాళ్లకు రెండు షిఫ్టులు చేయడమే ముప్పు.

ఈ లెక్కకూ ఒక హద్దుంది. రాబడిలో సగానికి పైగా ఒకే క్లయింట్ ఇస్తుంటే, ఎన్ని గంటలు నిండినా కాదనలేం. కొన్ని నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉన్నప్పుడే నోరు పెగులుతుంది. 16 గంటలూ అమ్ముడైనా ఇల్లు గడవకపోతే పెంచాల్సింది గంటలను కాదు, రేటును.