గొట్టాల్లో దాచిన సీసం

ఇన్వర్టర్ పక్కన ఉండే పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది ఇచ్చేది రెండు వోల్టులే. ప్రతి గదిలోనూ పలచని గంధకామ్లంలో మునిగిన సీసపు పలకలు రెండు రకాలు: రుణ పలక మీద మెత్తని బూడిదరంగు సీసం, ధన పలక మీద చాక్లెట్ రంగు లెడ్ డయాక్సైడ్. కరెంటు పోయి ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఈ రెండూ ఆమ్లంతో కలిసి తెల్లని లెడ్ సల్ఫేట్‌గా మారతాయి. కరెంటు వచ్చి చార్జింగ్ మొదలవగానే తిరిగి మొదటి రూపానికి వస్తాయి.

ఈ రాకపోకల్లోనే బ్యాటరీ అరుగుతుంది. లెడ్ డయాక్సైడ్ సల్ఫేట్‌గా మారితే దాదాపు రెట్టింపు చోటు కావాలి. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ ధన పలక మీది పదార్థం ఉబ్బుతుంది, చార్జయ్యాక కుంచించుకుంటుంది. ఎండి తడిసి, తడిసి ఎండే మట్టిగోడ పెచ్చులు రాలినట్టే అదీ రేణువు రేణువుగా రాలి గది అడుగున బురదగా పేరుకుంటుంది. ఆ బురద పలకల అంచులను తాకిందంటే ఆ గది షార్టయినట్టే.

1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే రెండు సీసపు రేకులను చుట్ట చుట్టి ఆమ్లంలో ముంచినప్పుడు ఈ బాధ ఇంతగా లేదు. ఆ రేకులు దాచే కరెంటే తక్కువ. 1881లో కామిల్ ఫోర్ రేకుల మీద సీసం ఆక్సైడ్ ముద్దను మెత్తడంతో సామర్థ్యం ఒక్కసారిగా పెరిగింది, రాలడమూ మొదలైంది. ముద్దను పట్టి ఉంచడానికి జల్లెడలాంటి సీసపు చట్రాలు వచ్చాయి. కారు బ్యాటరీ నేటికీ ఆ ఫ్లాట్ ప్లేట్ దారిలోనే ఉంది. కారుకు అది చాలు, ఎందుకంటే ఇంజన్ స్టార్ట్ చేయడానికి కొన్ని క్షణాలు కరెంటిచ్చి వెంటనే మళ్లీ నిండిపోతుంది. ఇంటి బ్యాటరీ గంటల తరబడి ఖాళీ కావాలి.

దీనికి దొరికిన ఉపాయం ఎంతో తెలివైనది. రాలే పదార్థాన్ని రాలనివ్వకుండా గొట్టంలో పెట్టేశారు. 1910 ప్రాంతంలో అమెరికాలో వచ్చిన ‘ఐరన్‌క్లాడ్ ఎక్సైడ్’ బ్యాటరీలో ధన పలక బదులు సన్నని చీలికలున్న గట్టి రబ్బరు గొట్టాలు వరుసగా నిలబడ్డాయి. ఎక్సైడ్ అనే పేరు ‘ఎక్సలెంట్ ఆక్సైడ్’ను కుదించి పెట్టినదే. నేటి ట్యూబులర్ బ్యాటరీలో ఆ గొట్టాలు పాలిస్టర్ నూలుతో నేసినవి. ఒక్కో గొట్టం మధ్యలో సీసపు పుల్ల, చుట్టూ దట్టంగా దట్టించిన ఆక్సైడ్ పొడి. నేత సందుల్లోంచి ఆమ్లం లోపలికి పోతుంది, పొడి మాత్రం బయటికి రాదు. ఎన్నిసార్లు ఉబ్బినా గొట్టం బిగించి పట్టి పుల్లకు ఆనించే ఉంచుతుంది. టాల్ ట్యూబులర్ అంటే ఈ గొట్టాలే పొడవైనవి. పైన ఆమ్లానికీ కింద బురదకూ ఎక్కువ చోటుంటుంది.

లూమినస్, ఎక్సైడ్, తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమర రాజా వారి అమరాన్, ఇంకా అంగట్లో దొరికే తక్కిన పేర్లు, అన్నిటి టాల్ ట్యూబులర్లలోనూ ఉన్నది ఈ నిర్మాణమే. కాబట్టి పోల్చవలసింది పేర్లను కాదు, గొట్టాల్లో ఎంత సీసం ఉందన్నది. దాన్ని పట్టించేది బరువు. 150 ఏహెచ్ టాల్ ట్యూబులర్ ఆమ్లంతో కలిపి యాభై, అరవై కిలోల మధ్య తూగుతుంది. ఒకే ఏహెచ్ రాసి ఉన్న రెండింటిలో ఒకటి ఐదారు కిలోలు తేలిగ్గా ఉంటే తేడా ఎక్కడుందో ఊహించవచ్చు.

ఆ 150 అంకె పక్కన ఉండే చిన్న అక్షరాలనూ చదవాలి. సీ20 అని ఉంటే ఇరవై గంటల పాటు ఏడున్నర ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా తోడితే వచ్చే లెక్క అది. సీ10 అయితే పది గంటల్లో పదిహేను ఆంపియర్ల చొప్పున. త్వరగా తోడితే ఆమ్లం గొట్టాల లోతుల్లోకి చేరేలోపే వోల్టేజీ పడిపోతుంది. అందుకే సీ10 మీద 150 ఇచ్చేదే పెద్ద బ్యాటరీ.

బాపట్లలో ఒక ఇల్లు అనుకుంటే, 70 వాట్ల ఫ్యాన్లు మూడు, 9 వాట్ల బల్బులు ఆరు, 12 వాట్ల వైఫై పెట్టె, వెరసి 276 వాట్లు. ఇన్వర్టర్‌లో పోయేది ఐదో వంతు అనుకుంటే బ్యాటరీ 345 వాట్లు ఇవ్వాలి, అంటే సుమారు 29 ఆంపియర్లు. 150ని 29తో భాగిస్తే ఐదు గంటల పైన వస్తుంది. కానీ అంత వేగంగా తోడితే సీ20 బ్యాటరీ నుంచి దక్కేది సుమారు 110 ఏహెచ్. నాలుగు గంటలు కూడా నిండవు. అదే ఇంట్లో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే భారం 156 వాట్లకు దిగుతుంది. బ్యాటరీ ఇవ్వవలసింది 16 ఆంపియర్లు, బ్యాకప్ ఎనిమిది గంటలకు దగ్గర పడుతుంది. ఏ బ్రాండ్ మార్చినా ఇంత లాభం రాదు.

తెనాలిలో లైన్ల పనికి గంటా రెండు గంటలు తీసే కరెంటుకు ఇది ధారాళంగా సరిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి రోజుల లెక్క వేరు. అప్పుడు ఎంత పెద్ద బ్యాటరీ అయినా ఖాళీ అవుతుంది. అంతకంటే ముప్పు, ఖాళీగానే రోజుల తరబడి ఉండిపోవడం. మెత్తని సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి ఇక కరగనంటుంది. అటువంటప్పుడు బ్యాటరీ పూర్తిగా అయిపోకముందే ఇన్వర్టర్ ఆపేయడం, కరెంటు రాగానే పన్నెండు గంటలు తెగకుండా చార్జి చేయడం మేలు.

తీరం వెంబడి మరో చిక్కు బ్యాటరీలో పోసే నీళ్లు. బాపట్ల, రేపల్లె వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అందులోని క్లోరైడు గొట్టాల మధ్య సీసపు పుల్లలను తినేస్తుంది. ఇంట్లో తాగే ఫిల్టర్ నీళ్లలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ నీళ్ల గొడవ లేదు. తేలిక, చార్జి త్వరగా ఎక్కుతుంది, దాచినదాంట్లో చాలా భాగం వాడుకోవచ్చు. ధర మాత్రం ఎక్కువ. దానికి తగిన చార్జింగ్ వోల్టేజీ ఇవ్వలేని పాత ఇన్వర్టర్‌కు కలపకూడదు.

వారంటీ అంకె తరచు మోడల్ పేరులోనే కనిపిస్తుంది. అమరాన్ ‘ఏఆర్150టీటీ54’లో 150 ఏహెచ్, 54 నెలలు, లూమినస్ ‘ఐఎల్‌టీటీ 18060’లో చివరి 60 నెలలే. కానీ ఆ నెలలన్నీ ఒకటి కాదు. 60 అంటే 36+24 కావచ్చు. మొదటి 36 నెలల్లో చెడితే ఉచితంగా మరొకటిస్తారు. తరువాతి 24 నెలలు ప్రో రేటా, అంటే కొత్తదాని ధరలో కొంత తగ్గింపే, అదీ నెలలు గడిచేకొద్దీ కరుగుతూ పోతుంది. ఉచితంగా మార్చి ఇచ్చినదానికీ కొత్తగా 60 నెలలు రావు, పాతదానికి మిగిలినవే. అందుకని 36+24, 48+12 పక్కపక్కన ఉంటే మొత్తం ఒకటే అయినా రెండోదే నయం.

క్లెయిముకు వెళ్లినప్పుడు సర్వీస్ మనిషి మొదట తీసేది హైడ్రోమీటర్. బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి ఆరు మూతలూ తీసి ఒక్కో గదిలోని ఆమ్లాన్ని గాజు గొట్టంలోకి పీల్చి చూస్తాడు. ఐదు గదుల్లో 1.240 చూపి ఒక్కదాంట్లో 1.150 దగ్గరే తేలితే ఆ గది పాడైందని అర్థం, క్లెయిము సాధారణంగా నిలుస్తుంది. ఆరింటిలోనూ సమానంగా 1.150 ఉంటే తప్పు చాలాసార్లు చార్జింగ్‌ది. ఇన్వర్టర్ ఇచ్చే వోల్టేజీ కొలవాలి. పలకలు నీటిమట్టం పైకి తేలి ఎండి ఉన్నా, డబ్బా పగిలి ఉన్నా, కార్డు మీద కొన్న తేదీ, సీరియల్ నంబరు, షాపు ముద్ర లేకపోయినా వారంటీ చెల్లదంటారు.