రెండు మీటర్లు, 80 లీటర్ల తేడా

ఉబ్బసం ఉన్నవాళ్లకు పీక్ ఫ్లో మీటర్ తెలిసిన వస్తువే. గుండెల నిండా గాలి పీల్చి, పెదవులు బిగించి ఒక్కసారిగా ఊదితే, గాలి ఎంత వేగంగా బయటికి వచ్చిందో నిమిషానికి ఇన్ని లీటర్లని అది చూపిస్తుంది. బ్రిటన్‌లో మార్టిన్ రైట్ తయారుచేసిన పెద్ద మీటర్ మొదట వచ్చింది. ఇంట్లో వాడుకోవడానికి వీలుగా, చవకగా మినీ రైట్ మీటర్ ఆ తర్వాత వచ్చింది. పెద్దదాని బదులు చిన్నది వాడవచ్చా అన్నది డాక్టరుకూ రోగికీ నిజంగా అవసరమైన ప్రశ్న. గణాంక శాస్త్రవేత్తలు మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది దీన్నే. వాళ్ల పేరుతో చలామణీ అవుతున్న గ్రాఫును చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

బ్లాండ్ తన సహోద్యోగులు, కుటుంబ సభ్యుల్లో 17 మందిని రెండు మీటర్లలోనూ ఊదమన్నారు. రెండు రీడింగుల మధ్య సహసంబంధ గుణకం 0.94 వచ్చింది. అది 1కి చాలా దగ్గర. చాలామంది ఇక్కడే ఆగిపోయి, రెండు మీటర్లూ ఒకటేనని రాసేస్తారు.

కానీ సహసంబంధం చెప్పేది వేరు. ఒకటి పెరిగితే రెండోది కూడా ఒక సరళరేఖ వెంట పెరుగుతోందా అని మాత్రమే అది చూస్తుంది. ఒక తూకం మిషను ప్రతి మనిషికీ 5 కిలోలు ఎక్కువ చూపించినా, సరైన తూకంతో దాని సహసంబంధం 1 వస్తుంది. పైగా ఆ అంకె మీటర్ల మీదే కాదు, మనం ఎంచుకున్న మనుషుల మీద కూడా ఆధారపడుతుంది. ఆ 17 మందిని రీడింగులు బాగా ఎడంగా ఉండేలా కావాలనే ఎంచుకున్నారు. పెద్ద మీటర్‌లో ఒకరు 178, ఇంకొకరు 656 ఊదారు. వాళ్లలో పెద్ద మీటర్ ప్రకారం 400కూ 500కూ మధ్య ఉన్న 10 మందిని మాత్రమే తీసుకుని నేను లెక్క వేస్తే సహసంబంధం 0.79కి పడిపోయింది. మీటర్లు అవే, ఊదిన మనుషులూ వాళ్లే.

బ్లాండ్, ఆల్ట్‌మన్ వేసిన గ్రాఫు సూటిగా తేడానే చూపిస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. పెద్ద మీటర్ రీడింగులోంచి చిన్నదాని రీడింగు తీసేస్తే వచ్చే తేడాను నిలువు అక్షం మీద, రెండు రీడింగుల సగటును అడ్డ అక్షం మీద పెడతారు. ఒకరికి పెద్ద మీటర్‌లో 423, చిన్నదానిలో 350 వచ్చింది. ఆయన చుక్క సగటు 386.5 దగ్గర, సున్నాకు 73 పైన పడుతుంది. ఇంకొకరికి 178, 259 వచ్చాయి. ఆయన చుక్క 218.5 దగ్గర, సున్నాకు 81 కింద ఉంటుంది. అడ్డంగా పెద్ద మీటర్ రీడింగునే పెడితే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. ఆ రీడింగులో ఉన్న పొరపాటు తేడాలో కూడా ఉంటుంది కాబట్టి, లేని వాలు ఉన్నట్టు కనిపిస్తుంది. సగటు పెట్టేది అందుకే.

ఇక గీతలు. పదిహేడు తేడాల సగటు మైనస్ 2.1 లీటర్లు. నడిమి గీత అక్కడ పడుతుంది. అది దాదాపు సున్నా కాబట్టి, చిన్న మీటర్ ఎప్పుడూ ఒకే వైపు తప్పడం లేదు. తప్పి ఉంటే పెద్ద చిక్కేమీ ఉండేది కాదు, ప్రతిసారీ అంత కలుపుకునో తీసేసుకునో సరిపెట్టుకునేవాళ్లం. ఇక్కడి చిక్కు తేడాల చెదురులో ఉంది. వాటి ప్రామాణిక విచలనం 38.8. దాన్ని రెట్టింపు చేసి సగటు నుంచి కిందికీ పైకీ జరిపితే మైనస్ 79.7 దగ్గర ఒక గీత, 75.5 దగ్గర ఇంకో గీత వస్తాయి. తేడాలు గంట ఆకారపు వక్రంలా పరుచుకున్నాయనుకుంటే, నూటికి సుమారు 95 మందికి తేడా ఈ రెండు గీతల మధ్యే ఉంటుంది. మన 17 చుక్కల్లో ఒక్క మైనస్ 81 మాత్రమే గీత దాటింది.

చుక్కలన్నీ దాదాపు గీతల లోపలే ఉన్నాయి కాబట్టి మీటర్లు సరిపోలాయని చాలా పరిశోధనా పత్రాల్లో రాస్తారు. ఇది తప్పు, దీన్ని గట్టిగానే చెప్పాలి. ఆ గీతలను గీసింది ఆ చుక్కల నుంచే, అవి లోపల ఉండక ఎక్కడికి పోతాయి? చూడాల్సింది గీతల మధ్య ఎడం. చిన్న మీటర్ పెద్దదానికన్నా 80 లీటర్లు ఎక్కువ చూపించవచ్చు, 75 లీటర్లు తక్కువ చూపించవచ్చు. అది రోగికి పరవాలేదా అన్నది గణాంకం చెప్పదు, వైద్యం చెప్పాలి.

ఒక రోగి తన మంచి రోజుల్లో ఊదగలిగే గరిష్ఠం 400 అనుకుందాం. ఉబ్బసం రోగులకిచ్చే ప్రణాళికల్లో సాధారణంగా ఈ గరిష్ఠంలో 80 శాతం, అంటే 320 పైన ఉంటే ఆకుపచ్చ. 320కీ 200కీ మధ్య పసుపు. 200 కన్నా తగ్గితే ఎరుపు, వెంటనే వైద్యం కావాలి. 80 లీటర్ల తేడా అంటే ఆకుపచ్చ మొత్తం దాటి పసుపు అంచుకు చేరడమే. ఇందాకటి 178, 259 రీడింగులు ఇలాంటి రోగివే అయితే, ఒక మీటర్ ప్రకారం ఆస్పత్రికి పరుగెత్తాలి, ఇంకోదాని ప్రకారం అక్కర్లేదు. ఎంత తేడా వరకు భరించగలమో కొలతలు మొదలుపెట్టక ముందే రాసి పెట్టుకోవాలనేది ఇందుకే. గ్రాఫు చూశాక నిర్ణయిస్తే, వచ్చిన తేడాకు సరిపడా మనసు సర్దుకుంటుంది.

గీతలను కూడా రాతిమీద చెక్కినట్టు చూడకూడదు. కొలిచింది 17 మందినే కాబట్టి కింది గీత మైనస్ 114 నుంచి మైనస్ 45 వరకు ఎక్కడైనా ఉండవచ్చని లెక్క తేలుతుంది. వంద మందిని కొలిస్తే ఈ అనిశ్చితి బాగా తగ్గుతుంది.

గీతల కన్నా ముందు చుక్కల ఆకారం చూడాలి. ఇక్కడ అవి చెదురుగానే ఉన్నాయి. కొన్నిచోట్ల కుడివైపు పోయేకొద్దీ విసనకర్రలా విచ్చుకుంటాయి. అంటే రీడింగు పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతోందన్నమాట. అప్పుడు సమాంతరంగా గీసిన గీతలు ఎడమ వైపు మరీ వెడల్పుగా, కుడి వైపు మరీ ఇరుకుగా ఉండి రెండు వైపులా తప్పుదోవ పట్టిస్తాయి. తేడాను శాతంగానో, రీడింగుల లాగరిథమ్ తీసుకునో చూడాలి. ఇంట్లో వాడే షుగర్ మీటర్లకు 2013 నాటి ఐఎస్ఓ ప్రమాణం 100 మిల్లీగ్రాముల లోపు రీడింగులకు 15 మిల్లీగ్రాముల హద్దునూ, ఆ పైన 15 శాతం హద్దునూ పెట్టడం ఈ ధోరణికి తగినట్టే ఉంది.

తప్పంతా మీటర్ల మధ్యేనా? బ్లాండ్ ప్రతి మనిషి చేతా ఒక్కో మీటర్‌లో రెండేసి సార్లు ఊదించారు. చిన్న మీటర్‌లో ఒకరికి మొదట 364, తర్వాత 460 వచ్చింది. అదే మనిషి, అదే మీటర్. ఒకే మీటర్‌లో రెండుసార్లు ఊదితే రీడింగుల మధ్య సుమారు 56 లీటర్ల వరకు తేడా రావచ్చని చిన్నదానికి తేలింది, పెద్దదానికి 43. తనతో తనకే ఇంత పొంతన లేని మీటర్‌కు ఇంకో మీటర్‌తో గట్టి పొంతన కుదరదు. అందుకే మీటర్లను పోల్చే ముందు ఒక్కోదాన్ని దానితోనే పోల్చి చూడాలి. రోగులను మూడుసార్లు ఊదించి, వాటిలో పెద్ద అంకెను రాసుకోమనే అలవాటుకూ ఒక్క ఊదును నమ్మలేకపోవడమే కారణం. కానీ ఒక్క ఊదుతో గీసిన గీతలు అలా రాసుకున్న అంకెకు వర్తించవు. దానికి మళ్లీ కొలవాలి, మళ్లీ గీయాలి.