రోజుకి ఎన్ని ప్యాకెట్లు అమ్మితే గట్టెక్కుతాం?

గుంటూరులో ఉండే మా మేనకోడలు దోసె పిండి వ్యాపారం మొదలుపెట్టే ముందు లెక్క రాసుకున్న కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "నెల ఖర్చు 22,500 మావయ్యా. కిలో ప్యాకెట్‌కి కిరాణా కొట్టువాళ్లు నాకు 50 రూపాయలిస్తారు. అంటే నెలకి 450 ప్యాకెట్లు. రోజుకి 15 అమ్మితే చాలు కదా" అంది. ముప్పై ఏళ్లు బ్యాంకులో చిన్న వ్యాపారాల అప్పుల ఫైళ్లు చూసినవాణ్ణి. ఈ భాగహారం నాకు కొత్త కాదు. ఎన్నో ఫైళ్లలో ఇదే చూశాను, ఇదే నమ్మి మునిగినవాళ్లనీ చూశాను.

తప్పు ఎక్కడుందంటే, ప్యాకెట్ అమ్మితే వచ్చే 50 రూపాయలూ ఆమెవి కావు. అందులో ఎక్కువ భాగం ఆ ప్యాకెట్ లోపలే ఉంది. కిలో పిండికి సుమారు 330 గ్రాముల బియ్యం, 110 గ్రాముల మినపగుళ్లు పడతాయి, మిగతాది నీళ్లు. ఆమె కొనే ధరకి బియ్యం 15 రూపాయలు, మినపగుళ్లు 14, మెంతులూ ఉప్పూ కలిపి ఒకటి, కవరు 2, రుబ్బడానికి కరెంటు ఒకటి, కొట్లకి చేర్చే ఆటో అబ్బాయికి ప్యాకెట్‌కి 2. అన్నీ కలిపితే 35. ఇక ఆమె చేతిలో నిలిచేది 15 రూపాయలే. గది అద్దె కట్టాల్సింది ఆ పదిహేనులోంచి, యాభైలోంచి కాదు.

అందుకే ముందు ఖర్చుల్ని రెండుగా విడదీయాలి. ఒక్క ప్యాకెట్ కూడా చెయ్యకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సినవి ఒక వైపు. ఆమె విషయంలో గది అద్దె 7,000, పనిమనిషి జీతం 10,000, గ్రైండర్‌కీ ఫ్రిజ్‌కీ తీసుకున్న అప్పు వాయిదా 4,000, ఫ్రిజ్ కరెంటు 1,500. ఇవి స్థిర ఖర్చులు. ప్యాకెట్ చేసినప్పుడు మాత్రమే పుట్టే ఆ 35 రూపాయలు రెండో వైపు. ఏ ఖర్చు ఎటు వేయాలో తెలియకపోతే ఒక్కటే అడగండి: రేపు కొట్టు మూసేస్తే ఈ డబ్బు మిగులుతుందా? మిగిలితే అది మారే ఖర్చు. పనిమనిషికి నెల జీతం కాకుండా ప్యాకెట్‌కి ఇంతని ఇస్తే అదీ ఇటే వస్తుంది.

ఇప్పుడు 22,500ని 15తో భాగించాం. 1,500 ప్యాకెట్లు. రోజుకి 15 కాదు, 50. లాభమూ నష్టమూ లేని ఈ అంకెనే బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటారు. యాభయ్యో ప్యాకెట్ దాకా అమ్మిందంతా అద్దెకీ జీతానికీ పోతుంది, యాభై ఒకటోది మొదలు ప్రతిదానిమీదా 15 రూపాయలు ఆమెవి. అమ్మాయి మొహం వాడిపోయింది. కాసేపటికి తేరుకుని, "పోనీ ధర తగ్గిస్తే ఎక్కువ కొట్లు తీసుకుంటాయేమో, 45కి ఇస్తాను" అంది.

తగ్గించేది పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ 5 రూపాయలు పోయేది యాభైలోంచి కాదు, మిగిలే పదిహేనులోంచి. పదిహేను పదవుతుంది, అమ్మాల్సిన ప్యాకెట్లు 1,500 నుంచి 2,250కి పెరుగుతాయి. ధరలో పదో వంతు తగ్గించినందుకు అమ్మకం సగానికి సగం పెరగాలి. మినపగుళ్ల ధర కిలోకి 30 రూపాయలు పెరిగినా అంతే, ప్యాకెట్‌కి మూడు రూపాయలకి పైగా పోయి నెలకి 1,900 దాటి అమ్మాల్సి వస్తుంది. పప్పుల ధరలు ఇలా కదలడం మనకి కొత్తేం కాదు. అందుకే ఈ లెక్క ఒకసారి వేసి బీరువాలో పెట్టేది కాదు, సరుకు ధర మారినప్పుడల్లా మళ్లీ వెయ్యాలి.

ఇంతవరకూ వాణిజ్యశాస్త్రం పుస్తకాల్లోనూ ఉంటుంది. పాడైపోయే సరుకు అమ్మేవాళ్లని ముంచేది మాత్రం ఇంకొకటుంది, దాన్ని కొట్లలో 'రిటర్న్' అంటారు. దోసె పిండి ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులకి పులుస్తుంది, కవరు ఉబ్బుతుంది. అమ్ముడుపోని ప్యాకెట్ కొట్టువాడు వెనక్కిస్తాడు, దాని డబ్బు ఇవ్వడు. ఆ ప్యాకెట్‌మీద ఆమెకి పోయేది పదిహేను రూపాయల లాభం కాదు, అప్పటికే పెట్టేసిన 35 రూపాయలు.

పదిలో ఒకటి వెనక్కొస్తుందనుకుందాం. పది ప్యాకెట్లకి ఖర్చు 350, అమ్ముడైన తొమ్మిదికి వచ్చేది 450. మిగిలింది వంద. అంటే చేసిన ఒక్కో ప్యాకెట్‌కి పదే రూపాయలు. ధర 45కి దించితే ఎంత మిగులుతుందో, పదిలో ఒక్కటి పులిసిపోయినా అంతే మిగులుతుంది. రోజుకి 50 కాదు, 75 ప్యాకెట్లు చేస్తే తప్ప గట్టెక్కదు.

ఇంకో మాట కూడా అడిగాను. "ఇందులో నీ జీతం ఏదమ్మా?" అని. తన కష్టానికి వెల కట్టుకోవడం ఆమెకి తోచలేదు. మన ఇళ్లలో ఆడవాళ్లు పెట్టే వ్యాపారాల్లో చాలావాటికి ఇదే జబ్బు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పప్పు కడిగే ఆ చేతుల ఖర్చు ఏ కాగితంమీదా ఉండదు. ఇదివరకు చేసిన ఉద్యోగంలో వచ్చిన 12,000 కలిపితే నెల ఖర్చు 34,500 అయింది. పదో వంతు రిటర్న్ లెక్కన రోజుకి 115 ప్యాకెట్లు చెయ్యాలి. ఆమె గ్రైండర్ వాయికి పది కిలోల పిండి రుబ్బుతుంది. అంటే పన్నెండు వాయిలు. వాయికి అరగంట వేసుకున్నా గ్రైండర్ ముందు ఆరు గంటలు. వచ్చిన అంకెని అమ్మగలమా అనే కాదు, ఉన్న మిషనుతో చెయ్యగలమా అనీ చూసుకోవాలి. చాలక ఇంకో గ్రైండరో ఫ్రిజ్జో కొంటే దాని వాయిదా కూడా స్థిర ఖర్చులో చేరుతుంది, గట్టు మళ్లీ దూరం జరుగుతుంది.

అయినా మొదలుపెట్టింది. మూడో నెలకి రోజుకి వంద ప్యాకెట్లు చేసే స్థాయికొచ్చింది, రిటర్న్ మాత్రం పదికి తగ్గలేదు. రోజుకి వెయ్యి మిగులుతోంది, 22,500 పూడేసరికి ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం అవుతోంది. ఆ తరవాత మిగిలిన వారం రోజులదే ఆమె సంపాదన, 7,500. "ఇంకో నాలుగు కొట్లు పట్టుకోవాలి మావయ్యా" అంది. ముందు నోటు పుస్తకం తెమ్మన్నాను. కొట్టువారీగా ఇచ్చినవీ, అమ్ముడైనవీ, వెనక్కొచ్చినవీ రాసి ఉన్నాయి. చూస్తే వెనక్కొచ్చినవాటిలో సగానికి పైగా రెండే రెండు కొట్లవి, అవీ సోమ, మంగళవారాల్లోవి. ఆదివారం పొద్దున ఇంటింటా దోసెలు కాబట్టి శనివారం సాయంత్రం ఎక్కడ ఇచ్చినా చెల్లిపోతోంది. సోమవారానికి గిరాకీ పడిపోతున్నా ఆమె అన్ని రోజులూ ఒకే లెక్కన వేస్తోంది.

ఆ రెండు కొట్లకి వారం మొదట్లో సగం చేసింది, తగ్గించినవి శనివారానికి కలిపింది. రోజుకి సగటున చేసేవి ఆ వందే, వెనక్కొచ్చేవి పది నుంచి అయిదుకి దిగాయి. ఇప్పుడు 95 ప్యాకెట్లకి 4,750 వస్తే 3,500 పోను 1,250 మిగులుతోంది. పద్దెనిమిదో తేదీకల్లా అద్దె, జీతం, వాయిదా అన్నీ పూడిపోతున్నాయి, మిగతా పన్నెండు రోజులకి 15,000 ఆమె చేతికొస్తోంది. కొత్త కొట్టు ఒక్కటీ పట్టుకోలేదు, ఒక్క వాయి కూడా అదనంగా రుబ్బలేదు.