తొణికే నీరు, ఒరిగే ఓడ

ఓడ ప్రయాణంలో ఊగు నెమ్మదిగా, మెత్తగా ఉంటే ప్రయాణికులకు హాయిగా ఉంటుంది. చప్పున ఒరిగి చప్పున లేచే ఓడలోనే కడుపులో తిప్పుతుంది. స్థిరత్వం లెక్కలు చూసే చీఫ్ ఆఫీసరుకు మాత్రం ఆ చప్పున లేచే ఓడే నయం. నిన్నటిదాకా 16 సెకన్లకు ఒకసారి అటూ ఇటూ ఊగివచ్చిన ఓడ ఇవాళ దాదాపు 30 సెకన్లు తీసుకుంటోందంటే, పక్కకు ఒరిగాక మళ్ళీ లేచే శక్తి తగ్గిపోయిందన్నమాట. అప్పుడు ఆయన మొదట ఆరా తీసేది సముద్రం గురించి కాదు, ఏ ట్యాంకు సగంలో ఉందని.

ఒరిగిన ఓడ తిరిగి ఎలా లేస్తుందో ముందు చూద్దాం. ఓడ బరువంతా ఒక బిందువు గుండా కిందికి లాగుతుంది. నీరు ఓడను పైకి తోసే బలం ఇంకో బిందువు గుండా పనిచేస్తుంది. ఓడ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క ఎక్కువ భాగం నీటిలో మునుగుతుంది కాబట్టి తోపు బిందువు అటు జరుగుతుంది. బరువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒకటి పైకి తోస్తూ, ఒకటి కిందికి లాగుతూ రెండూ కలిసి ఓడను నిలబెడతాయి. ఈ శక్తికి నావికుల కొలత జీఎం. అది కొన్ని అడుగుల దూరమే, కానీ ఓడ ప్రాణమంతా అందులోనే ఉంటుంది.

ఇదంతా బరువు కదలకుండా ఉంటేనే. ట్యాంకు సగమే నిండి ఉంటే, ఓడ ఒరగగానే లోపలి నీరు కూడా పల్లానికి పోతుంది. తోపు బిందువు వెళ్ళిన వైపే బరువు కూడా వెళుతుంది. రెంటి మధ్య ఎడం తగ్గి, నిలబెట్టే శక్తి తగ్గుతుంది. ఓడ బరువు కేంద్రాన్ని ఎవరో పైకి ఎత్తి పెట్టినట్టే లెక్క. నిండుకుండ తొణకదన్న మాట ఓడ ట్యాంకుకు అక్షరాలా వర్తిస్తుంది. పూర్తిగా నిండిన ట్యాంకుతో ఈ బెడద లేదు, ఖాళీ ట్యాంకుతోనూ లేదు. గండమంతా ఆ మధ్యలో ఉన్నదానితోనే.

ఎంత గండమో ఒక లెక్క వేద్దాం. 10,000 టన్నుల ఓడ, వెడల్పు 20 మీటర్లు, జీఎం ఒక మీటరు అనుకోండి. అందులో 20 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో సగందాకా సముద్రపు నీరుంది. ట్యాంకు వెడల్పును మూడుసార్లు గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 12తో భాగించాలి. వచ్చినదాన్ని నీటి సాంద్రతతో గుణించి ఓడ బరువుతో భాగిస్తే, జీఎంలో పోయే భాగం తేలుతుంది. ఇక్కడ అది 70 సెంటీమీటర్లు. ఒక్క ట్యాంకుతో మీటరు కాస్తా 30 సెంటీమీటర్లయింది! ఊగు 16 సెకన్ల నుంచి 29కి సాగేది ఇలాగే.

ఈ లెక్కలో నీటి లోతు ఎక్కడా రాలేదని గమనించారా? చిన్న కోణాల్లో ట్యాంకు పావు నిండినా, ముప్పావు నిండినా నష్టం ఒకటే. చాలామందికి ఇది మింగుడుపడదు, నీరు తక్కువైతే ప్రమాదమూ తక్కువే అనుకుంటారు. మరీ పలచటి పొర అయితే, కాస్త ఒరగగానే ఉన్న నీరంతా మూలకు చేరిపోయి ఇక కదలడానికేమీ మిగలదు కాబట్టి అక్కడ ప్రభావం ఆగుతుంది. ఆ ఒక్క మినహాయింపు తప్ప లెక్కంతా వెడల్పుదే. ట్యాంకు రెట్టింపు వెడల్పయితే ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పోయే నీరు నాలుగు రెట్లవుతుంది, అది వెళ్ళే దూరమూ రెట్టింపవుతుంది. మొత్తం ఎనిమిది రెట్లు.

విరుగుడూ అందులోనే ఉంది. ఆ ట్యాంకు మధ్యలో ముందునుంచి వెనకదాకా ఒక గోడ కడితే, రెండు గదులూ సగంలోనే ఉన్నా నష్టం 70 నుంచి 17 సెంటీమీటర్లకు పడిపోతుంది. రెండు గోడలు కడితే 8కి. అయితే అవి నీరు దాటలేని గోడలు కావాలి. రోడ్డు మీది ట్యాంకర్లలో పెట్టే చిల్లుల పలకలు నీరు ఎగిరి గోడలకు కొట్టుకోవడాన్ని అదుపు చేస్తాయే గానీ, మెల్లగా ఒరిగే ఓడలో నీరు చిల్లుల గుండా నింపాదిగా పల్లానికి చేరుతుంది.

ట్యాంకులకు గోడలు కట్టుకున్నాం సరే, మనుషులు తిరిగే డెక్కుల మీదికి నీరొస్తే? దానికి నార్మండీ ఓడ కథ చెప్పుకోవాలి. 300 మీటర్లు దాటిన ఈ ఫ్రెంచి విలాస నౌకను అమెరికా స్వాధీనం చేసుకుని, న్యూయార్క్ రేవులో సైనికుల రవాణాకు మారుస్తోంది. 1942 ఫిబ్రవరి 9 మధ్యాహ్నం వెల్డింగ్ నిప్పురవ్వలు లైఫ్ జాకెట్ల గుట్ట మీద పడ్డాయి. రేవు మీదనుంచీ, నదిలోని అగ్నిమాపక పడవలనుంచీ గంటల తరబడి నీళ్ళు గుమ్మరించారు. సాయంత్రానికి మంటలు అదుపులోకి వచ్చాయి. నీరు మాత్రం పై అంతస్తుల విశాలమైన గదుల్లో నిలిచిపోయింది. ఎత్తున చేరిన బరువు ఒక దెబ్బ, గోడగోడకూ పారే ఆ నీరు రెండో దెబ్బ. ఓడ నది వైపు ఒరగడం మొదలుపెట్టింది.

ఆ ఓడ రూపకర్త వ్లదీమిర్ యుర్కెవిచ్ అప్పుడు న్యూయార్క్‌లోనే ఉన్నాడు. అడుగున ఉన్న సముద్రపు నీటి కవాటాలు తెరిచి, లోపలికి ఇంకా నీరు వదలమన్నాడాయన. రేవు లోతు తక్కువ, ఓడ నిటారుగా కూర్చుని బురదలో ఆనుకుంటుందని ఆయన ఆలోచన. మునిగే ఓడలోకి నీళ్ళు వదలమనడం వినడానికి పిచ్చిమాటలాగే ఉంటుంది. అధికారులు ఒప్పుకోలేదు. తెల్లవారుజామున మూడు గంటలు కాకముందే ఓడ ఎడమ పక్కకు పడిపోయింది. దాన్ని నిలబెట్టడానికి 1943 దాకా పట్టింది. మళ్ళీ సముద్రం చూడకుండానే తుక్కు కింద పోయింది. బయటినుంచి ఎవరూ కొట్టలేదు, అడుగున చిల్లు పడలేదు. మంటలార్పిన నీరే దాన్ని పడగొట్టింది.

యుర్కెవిచ్ సలహా వెనకున్న తర్కం నేటికీ ఓడ అధికారులకు నేర్పే పాఠమే. జీఎం సున్నాకంటే దిగిపోతే ఓడ నిటారుగా నిలవదు, ఏదో ఒక పక్కకు కొంత ఒరిగి అక్కడ ఆగుతుంది. సరుకు ఒక పక్కకు జరగడం వల్ల వచ్చిన వంపు వేరు, ఇది వేరు. రెండు పక్కలా బరువులు సమంగా ఉన్నా ఓడ ఒరిగి ఉంటే, చిన్న అలకే ఇటునుంచి అటు వాలిపోతుంటే, ఇది రెండోదే. అప్పుడు తోచే పని ఎత్తుగా ఉన్న పక్క ట్యాంకులో నీరు నింపడం. అదే చేయకూడదు. ఓడ ఒక్కసారిగా అవతలి పక్కకు తిరిగి, ఆ ఊపులో మునుపటికంటే ఎక్కువ ఒరుగుతుంది, బోల్తా కూడా పడొచ్చు.

చేయవలసింది, ముందు ప్రతి ట్యాంకులోకీ కొలత టేపు దించి ఏవి సగంలో ఉన్నాయో తేల్చుకోవడం. తర్వాత ఓడ అట్టడుగున ఉండే డబుల్ బాటమ్ ట్యాంకుల్లో ఇరుకైనదాన్ని ఎంచుకుని, అదీ ఇప్పటికే పల్లంగా ఉన్న పక్కన, నింపడం. నింపుతున్నంతసేపూ అది కూడా సగం ట్యాంకే కాబట్టి వంపు ఇంకాస్త పెరుగుతుంది. పంపు ఆపెయ్యాలనిపిస్తుంది, ఆపకూడదు. అది పూర్తిగా నిండి, అడుగున బరువు కుదిరాకే ఎదుటి పక్క ట్యాంకు కవాటం తెరవాలి.