ధ్వనిని దాటిన విమానం, నేల మీద చప్పుడు

2020 మే 20న పట్టపగలు బెంగళూరులో చెవులు గింగురుమనే చప్పుడు వినిపించింది. కిటికీలు అదిరాయి. భూకంపమేమోనని జనం కంగారుపడ్డారు. వైమానిక దళ విమానమొకటి పరీక్షలో భాగంగా ధ్వని కంటే వేగంగా ఎగిరిందనీ, 36 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తులో వేగం తగ్గించుకుంటున్నప్పుడు పుట్టిన సోనిక్ బూమ్ ఇదై ఉండవచ్చనీ రక్షణ శాఖ ఆ సాయంత్రం చెప్పింది. విమానం వెళ్లింది నగరం బయటి నుంచే.

ఎగిరే విమానం ముందున్న గాలిని నెడుతూ పోతుంది. ఆ ఒత్తిడి ధ్వని వేగంతో నలుదిక్కులా పాకుతుంది. ఆ ఎత్తున ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. విమానం అంతకన్నా వేగంగా వెళ్తే, గాలికి తప్పుకునే వ్యవధి ఉండదు. ఒత్తిడి పేరుకుపోయి షాక్ వేవ్‌గా మారి, విమానం వెనుక శంఖువు ఆకారంలో పరుచుకుంటుంది. దాని అంచు మన మీదుగా దాటినప్పుడు వినిపించేదే బూమ్. ధ్వని వేగాన్ని దాటే క్షణంలో ఒక్కసారే ఇది పుడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి విమానం ఆ వేగంలో ఉన్నంతసేపూ పుడుతూనే ఉంటుంది. కాంకార్డ్ ఎత్తులో ఎగిరే విమానమైతే దాదాపు 80 కిలోమీటర్ల వెడల్పున, దారి పొడవునా ఊరూరా చప్పుడు పంచుతూ పోతుంది.

ఇంతా చేసి, కాంకార్డ్ బూమ్ నేల మీద పెంచే పీడనం సుమారు 100 పాస్కల్స్. వాతావరణ పీడనంలో అది వెయ్యో వంతు. లిఫ్టులో రెండు మూడు అంతస్తులు దిగినా మన చెవి మీద అంతే మార్పు వస్తుంది, మనం గమనించం కూడా. తేడా ఎంత పెరిగిందన్న దాంట్లో లేదు, ఎంత తొందరగా పెరిగిందన్న దాంట్లో ఉంది. బూమ్‌లో పీడనం సెకనులో కొన్ని వేల వంతుల్లోనే ఎగబాకుతుంది. తర్వాత క్రమంగా మామూలు కన్నా కిందికి దిగి, చివర్లో మళ్లీ ఒక్క ఉదుటున యథాస్థితికి వస్తుంది. ఉలిక్కిపడేలా చేసేవి ఈ రెండు ఉదుట్లే. అందుకే పెద్ద విమానాల బూమ్ తరచూ జంట చప్పుడుగా వినిపిస్తుంది.

దీన్ని జనం భరించగలరా అని తేల్చడానికి అమెరికా ప్రభుత్వం 1964లో ఓక్లహోమా సిటీ మీద ఆరు నెలలపాటు యుద్ధవిమానాలు నడిపించింది. పగటిపూట రోజుకు ఎనిమిది దాకా, మొత్తం 1,253 బూమ్‌లు. కిటికీల అద్దాలు పగిలాయి, 15 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. చివరికి 27 శాతం మంది ఈ చప్పుడుతో బతకలేమన్నారు. మిగతావాళ్లు సర్దుకుంటామన్నా, నలుగురిలో ఒకరి నిద్రనూ నెమ్మదినీ పణంగా పెట్టి విమానాలు నడపడం కుదరని పని. 1973లో అమెరికా తన నేల మీద పౌర విమానాలు ధ్వని వేగాన్ని దాటకూడదని నిషేధించింది. 1976 నుంచి 2003 వరకు ప్రయాణికులను చేరవేసిన కాంకార్డ్‌కు ముఖ్యంగా అట్లాంటిక్ సముద్రమే దారైంది.

ఆ నిషేధం వేగం మీద పెట్టిందే తప్ప చప్పుడు మీద కాదు. మరి చప్పుడు తగ్గించే దారి ఉందా? విమానం దగ్గర షాక్ వేవ్‌లు రెండే ఉండవు. ముక్కు, రెక్కలు, ఇంజిన్, తోక వేటికవే ఒకదాన్ని పుట్టిస్తాయి. బలమైనది వేగంగా కదిలి బలహీనమైనదాన్ని కలుపుకుంటుంది. పదిహేను కిలోమీటర్లు దిగేసరికి అన్నీ కలిసి ముందొకటి, వెనుకొకటిగా మిగులుతాయి. అవి కలవకుండా చూడగలిగితే పీడనం నెమ్మదిగా పెరుగుతుంది. ఆకారాన్ని మలచడం వెనుక ఆలోచన ఇదే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో సీబాస్, జార్జ్ దీనికి గణిత పునాది వేశారు. 2003లో ముక్కు మార్చిన ఒక ఎఫ్-5 యుద్ధవిమానాన్నీ, మామూలు ఎఫ్-5నూ కొద్ది నిమిషాల తేడాతో ఒకే గాలిలో నడిపి కింద మైకులతో కొలిచారు. మలచిన ఆకారం ప్రభావం నేల దాకా నిలుస్తుందని అప్పుడు రుజువైంది.

దాని కొనసాగింపే నాసా ఎక్స్-59. సుమారు 30 మీటర్ల పొడవులో మూడో వంతుకు పైగా ముక్కే. ఇంజిన్ వీపు మీద ఉంది కనుక దాని షాక్ వేవ్ చాలావరకు పైకే పోతుంది. ముక్కు అడ్డు వల్ల పైలట్‌కు ముందు అద్దం ఉండదు. కెమెరా చూపే తెరే ఆధారం. కాంకార్డ్ బూమ్ సుమారు 105 డెసిబెల్స్ అయితే, దీని లక్ష్యం 75. అంటే పిడుగు లాంటి మోతకు బదులు చిన్న ధప్‌మన్న చప్పుడు. 2025 అక్టోబరు 28న ఇది తొలిసారి ఎగిరింది, అయితే ధ్వని వేగానికి లోబడే. ఊళ్ల మీదుగా నడిపి, కింద ఉన్నవాళ్లకు ఎలా వినిపించిందో అడిగి తెలుసుకోవాలన్నది నాసా ప్రణాళిక. వేగం మీది నిషేధాన్ని తీసేసి చప్పుడుకు హద్దు పెట్టాలని 2025 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. ఆ హద్దు ఎక్కడ గీయాలో చెప్పగలిగేవి ఇలాంటి జవాబులే.

గట్టి చిక్కు బరువు దగ్గరుంది. విమానాన్ని గాలిలో నిలపాలంటే దాని బరువంత బలంతో గాలిని కిందికి నెట్టాలి, ఆ నెట్టుడు కూడా బూమ్‌లో కలుస్తుంది. ఎక్స్-59 ఒక్క పైలట్‌తో ఎగిరే పదకొండు టన్నుల విమానం. వంద మందిని మోసిన కాంకార్డ్ నిండుగా బయల్దేరితే 185 టన్నులు. పైగా వేగం పెంచుతున్నప్పుడు, మలుపు తిరుగుతున్నప్పుడు షాక్ వేవ్‌లు ఒకేచోట గుమిగూడి బూమ్ మరింత బలపడుతుంది. కాబట్టి ఎక్స్-59 నెగ్గినా తేలేది ఒక్కటే: చిన్న విమానానికి ఈ పద్ధతి పనిచేస్తుందని. వంద సీట్ల విమానానికి మెత్తని ఆకారాన్ని మళ్లీ మొదటి నుంచి గీసుకోవాలి.