మందు పెట్టినా పురుగు ఎందుకు మిగులుతుంది?

గోదాములో మందు బిళ్లలు పెట్టి, వారం తర్వాత కవరు తీస్తే బస్తాల చుట్టూ చచ్చిన పురుగులు రాలి ఉంటాయి. వాటిని ఊడ్చేసి పని పూర్తయిందనుకుంటారు. నెల తిరక్కుండానే అవే బస్తాల మీద ముక్క పురుగు మళ్లీ పాకుతుంది. మందు నకిలీదనో, మోతాదు చాలలేదనో అనుమానిస్తారు. చాలాసార్లు అసలు కారణం వేరు. పైకి కనిపించే పురుగు చచ్చింది, గింజలో ఉన్నది బతికింది.

ముక్క పురుగు తల్లి తన ముక్కుతో గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. గుడ్డు పొదిగి వచ్చిన పిల్ల పురుగు లోపలే తింటూ, లోపలే కోశస్థ దశకు చేరి, వెచ్చని వాతావరణంలో సుమారు నెలకు గింజను తొలుచుకుని బయటపడుతుంది. అంతవరకూ గింజ పైకి బాగానే ఉంటుంది. అందుకే బస్తాలో పురుగు కనిపించలేదంటే లేదని కాదు. కాస్త ధాన్యాన్ని సీసాలో పోసి, మూతికి పలచని గుడ్డ కట్టి నెలన్నర ఉంచితే లోపలి సంగతి తెలుస్తుంది.

ఇక తేమ. గింజ ఎంత తడిగా ఉంటే పురుగుకు అంత అనుకూలం, బూజుకు మరీ అనుకూలం. ప్రభుత్వ కొనుగోలులో వడ్లకు 17 శాతం తేమ దాకా అనుమతిస్తారు. అది కొనడానికి పెట్టిన హద్దు. నెలల తరబడి నిలవ ఉంచాలంటే 14 శాతం లోపు ఉండాలి, విత్తనమైతే 13కు మించకూడదు. గింజను పంటితో కొరికి చూసే అలవాటు మనకుంది గానీ, 14కూ 16కూ తేడా పంటికి అందదు, తేమ మీటరు కావాలి. లెక్కలోనూ ఒక పొరపాటు జరుగుతుంటుంది. 20 శాతం తేమ ఉన్న వంద కిలోల వడ్లలో పొడి పదార్థం 80 కిలోలు. తేమ 14 శాతానికి దిగితే ఆ 80 కిలోలు మొత్తంలో 86 శాతం అవుతాయి. అంటే ధాన్యం 93 కిలోలు మిగులుతుంది. తగ్గేది ఆరు కిలోలు కాదు, ఏడు.

ఆరబెట్టినంత మాత్రాన పురుగు బెడద పూర్తిగా పోదు. బాగా ఆరిన గింజలో ముక్క పురుగు అంతగా పెరగదు కానీ నుసి పురుగు పెరుగుతుంది. అక్కడే విషవాయువు అవసరం వస్తుంది.

50 కిలోల బియ్యం బస్తాలు 3,000 ఉన్న దొంతరను తీసుకుందాం. అంటే 150 టన్నులు. కవరు కింద టన్నుకు మూడు బిళ్లల చొప్పున 450 బిళ్లలు పెడతారు. మూడు గ్రాముల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలోని తేమను పీల్చుకుని ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. మొత్తం 450 గ్రాములు. వాయువు బస్తాల సందుల్లోంచి గింజలోకి చేరుతుంది.

కానీ ఫాస్ఫీన్ పురుగు శ్వాసను దెబ్బతీసి చంపుతుంది. గుడ్డు, కోశస్థ దశ చాలా తక్కువ ఊపిరి తీసుకుంటాయి కాబట్టి వాటికి విషం నెమ్మదిగా ఎక్కుతుంది. బిళ్లలు రెట్టింపు చేస్తే రోజులు సగానికి తగ్గవు. వాయువు ఒక్కసారిగా చిక్కబడితే కొన్ని పురుగులు స్తబ్ధమై, విషం లోపలికి తీసుకోవడమే తగ్గించేస్తాయి. అందుకే కనీసం ఏడు రోజులు, చలి రోజుల్లో ఇంకా ఎక్కువ రోజులు, వాయువు తగినంత గాఢతలో నిలిచి ఉండాలి. వాతావరణం 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఈ పద్ధతి నమ్మదగింది కాదు.

అన్ని రోజులు నిలవాలంటే కవరు పక్కాగా ఉండాలి. నేను ముందు చూసేది కవరు చిరుగులు, నేలకు ఆనే అంచు. అంచు మీద ఇసుక సంచులు ఒకదానితో ఒకటి ఆనేలా పేర్చాలి. నేలలో పగుళ్లుంటే వాయువు అటే జారిపోతుంది. కారే కవరు కింద చచ్చేవి బలహీనమైన పురుగులు, బతికేవి తట్టుకోగలిగినవి. వాటి సంతతే పెరుగుతూ పోతే మందుకు లొంగని పురుగు తయారవుతుంది. మన దేశంలో నుసి పురుగులోనూ, ఎర్ర పిండి పురుగులోనూ ఇలాంటి నిరోధకత కనిపించింది.

ఫాస్ఫీన్ గాలికి పోయాక గింజకు ఏ రక్షణా మిగలదు. పక్క దొంతరలోంచి పురుగు మర్నాడే పాకి రావచ్చు. కాబట్టి గోదాములోని దొంతరలన్నిటికీ ఒకేసారి చేయాలి, రాలిన నూకలు, దుమ్ము ఊడ్చి పారేయాలి.

కవరు తీసేటప్పుడు వాసన లేదని లోపలికి వెళ్లకూడదు. వాయువు కొలిచే పరికరంలో 0.3 పీపీఎం కంటే తక్కువ చూపించాకే ప్రవేశం. ఈ పని శిక్షణ పొందినవారిదే. ఇంట్లో బియ్యం డబ్బాలోకి ఒక్క బిళ్ల కూడా తేవద్దు, పక్కింటివాళ్లు తెస్తుంటే ఆపండి. దీనికి విరుగుడు మందు లేదు.